ఆ ఒక్క ప్రొఫైల్‌కే అతికే మొదటి మాట

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది చీరాల. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. డేటింగ్ యాప్‌లో ఏం రాయాలో తెలియక రీల్స్‌లో చూసిన లైన్లే పంపుతున్నాను. ‘మీరు గూగులా? నేను వెతికేదంతా మీలోనే ఉంది’ లాంటివి. ఎవరూ జవాబివ్వరు. ప్రొఫైల్ చూసి రాయమంటారు ఫ్రెండ్స్. చూస్తే ఏముంటుంది? కొండ, కుక్క, కాఫీ. ఇప్పుడు హింజ్‌లో ఒకరి ప్రొఫైల్ నచ్చింది, తెలుగమ్మాయే. ఫోటోలు ఆరు: ముఖం దగ్గరగా, పెళ్లిలో చీరతో, ఏదో కొండ మీద, చర్చ్ స్ట్రీట్‌లో పుస్తకాల సంచితో, స్నేహితులతో, చివరిది పెసరట్టు ప్లేటు. అట్టు మధ్యలో చిరిగి ఉప్మా బయటికొచ్చింది. రాసుకున్నవి మూడు: ‘ఆదివారాలు: కబ్బన్ పార్క్‌లో నడక, తర్వాత నిద్ర.’ ‘నాతో వాదించి గెలవలేని విషయం: ఉప్మా పెసరట్టు లోపలే ఉండాలి, పక్కన కాదు.’ ‘ఈ ఏడాది నేర్చుకుంటున్నది: కన్నడ. గురువులు ఆటో డ్రైవర్లు.’ దీనికి ఏం రాయాలి?

జవాబు: మీరు పంపిన వివరాల్లో కావలసినంత సరుకుంది. అది ఎక్కడుందో, దాన్ని మాటగా ఎలా మలచాలో ఈ ఒక్క ప్రొఫైల్ మీదే చూద్దాం.

ముందు గూగుల్ లైన్ సంగతి. అది పాతబడింది కాబట్టే పనిచేయడం లేదనుకుంటే, రేపు ఇంకో కొత్త లైన్ వెతుక్కుంటారు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ వాక్యం చదివిన అమ్మాయి తిరిగి ఏమనాలి? ‘థాంక్యూ’ అనాలా, ఒక నవ్వు ఎమోజీ పెట్టాలా? అందుకోవడానికి అందులో ఏమీ లేదు. పైగా ఆ వాక్యంలో ఆమె కూడా లేదు. ఎవరికైనా పంపొచ్చని చదవగానే తెలిసిపోతుంది. అందుకని ఏ మెసేజ్ అయినా పంపే ముందు రెండు రకాలుగా చూసుకోండి. ఇది ఇంకో అమ్మాయికి పంపినా అతుకుతుందా? అతికితే కొట్టేయండి. బస్ కోసం నిలబడ్డ మనిషి దీనికి ఒంటి చేత్తో, పది సెకన్లలో జవాబు టైప్ చేయగలదా? చేయలేకపోతే ఇంకా తేలిక చేయండి.

‘ప్రొఫైల్ చూసి రాయి’ అన్న సలహా విన్నవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. ప్రొఫైల్‌లోంచి ఒక మాట తీసుకుని పాత అచ్చులోనే పోస్తారు. ‘మీరు పెసరట్టయితే నేను అల్లం పచ్చడి’ అంటారు. మాట ఆమెదే, అచ్చు మాత్రం ఊరందరిదీ. పెసరట్టు తీసేసి ఇడ్లీ, అల్లం పచ్చడి తీసేసి సాంబారు పెట్టి చూడండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడింది కదా, అంటే అందులో పెసరట్టుతో పనే లేదు. బెంగళూరులో దీనికి స్థానిక రకాలు కూడా ఉన్నాయి: సిల్క్ బోర్డ్ ట్రాఫిక్, ఇంటి అడ్వాన్సు, సాయంత్రం వాన. ‘మీకోసం సిల్క్ బోర్డ్‌లో గంటసేపు ఆగమన్నా ఆగుతా’ అని రాసినవాళ్లు ఊరి సంగతి రాశాం కాబట్టి కొత్తగా ఉందనుకుంటారు. ఆ ఊళ్లో అందరికీ ముందు తట్టేది అదే. తెలుగువాళ్ల మధ్య ఇంకొకటి నడుస్తుంది: ‘తెలుగేనా అండీ?’ ప్రొఫైల్‌లో ఉప్మా పెసరట్టు గురించి పందెం కాసిన అమ్మాయిని తెలుగేనా అని అడిగితే, మీరు అది చదవలేదని మీరే చెప్పినట్టు.

ఇక ప్రొఫైల్ చదవడం. కొండ, కుక్క, కాఫీ అని వస్తువుల పేర్లు చదివి ఆగిపోతే ఎవరి ప్రొఫైల్‌లోనైనా అవే కనిపిస్తాయి. వస్తువును వదిలి దాని చుట్టూ ఏముందో చూడాలి. ఆమె దేని గురించైనా గట్టిగా ఒక అభిప్రాయం చెప్పిందా? ఏదైనా సగం చెప్పి వదిలేసిందా? ఒకచోట రాసినదానికీ ఇంకోచోట చూపించినదానికీ ఏమైనా లంకె గానీ, తేడా గానీ ఉందా? ఈ మూడో రకమే అన్నిటికన్నా బాగా పండుతుంది. ఎందుకంటే అది ప్రొఫైల్ మొత్తం చదివినవాళ్లకే దొరుకుతుంది.

మొదటి రెండు ఫోటోలు పక్కన పెట్టండి. ముఖం మీద, చీర మీద ఎంత మర్యాదగా రాసినా అది ఆమెకు వచ్చే మిగతా పొగడ్తల్లో కలిసిపోతుంది. ‘చీరలో చాలా బాగున్నారు’ తప్పు మాటేం కాదు, తొందరపడ్డ మాట. కొన్నాళ్లు మాట్లాడుకున్నాక అదే మాటకు విలువ వస్తుంది. ఐదో ఫోటో, స్నేహితులతో ఉన్నది, అసలు ముట్టుకోవద్దు. ‘ఇందులో మీరెవరు?’ అన్నది కూడా అరిగిపోయిన ప్రశ్నే. పక్కనున్న అమ్మాయి గురించి ఒక్క ముక్క అన్నారా, అక్కడితో సరి.

మూడోది కొండ. బెంగళూరులో ఉద్యోగం చేసే కుర్రకారులో నంది హిల్స్‌కో సావనదుర్గకో ఒక్కసారైనా వెళ్లనివాళ్లు తక్కువ. అందుకే ‘ట్రెకింగ్ ఇష్టమా?’ అని అడిగితే ఇష్టమే అంటారు, మాట అక్కడే ఆగుతుంది. ఏ కొండో మీకు ఖాయంగా తెలిసి, మీరూ ఎక్కి ఉంటే అప్పుడు సంగతి వేరు. సావనదుర్గ నున్నటి పెద్ద బండ. ఎక్కడం కన్నా దిగడమే భయపెడుతుంది. ‘దిగేటప్పుడు నిలబడి నడిచారా, నాలాగా కూర్చుని జరిగారా?’ అని అడిగితే అది వెళ్లినవాళ్లు వెళ్లినవాళ్లను అడిగే ప్రశ్న అవుతుంది. కానీ మీరే ‘ఏదో కొండ’ అని రాశారు. పేరు ఊహించి రాయకండి. ఊహ తప్పితే ఆమె రాసే జవాబంతా ‘అది కాదండీ, ఇది’ అని దిద్దడానికే సరిపోతుంది.

పుస్తకాల సంచి కొంత మెరుగు. అయితే ఇక్కడ చాలామంది చేసే పని, ఫోటో పెద్దది చేసి అట్ట మీది పేరు చదివి, ఆ పుస్తకం గురించి నెట్‌లో నాలుగు ముక్కలు వెతికి, చదివినట్టు రాయడం. రెండో మెసేజ్‌కే దొరికిపోతారు. చదవని పుస్తకం గురించి రాయకుండా ఆ ఫోటోను వాడుకోవచ్చు. చర్చ్ స్ట్రీట్‌లో పుస్తకాల షాపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకటి కొనడానికి వెళ్లినవాళ్లు సంచి నింపుకుని రావడం అక్కడ మామూలే. ‘సంచి బరువు చూస్తే ఒక్క పుస్తకం కోసం వెళ్లినట్టు లేదు. కొందామని వెళ్లినవి ఎన్ని, తెచ్చినవి ఎన్ని?’ అంటే జవాబు రెండు అంకెలు. ఇది పనికొచ్చేదే. కానీ పుస్తకాల సంచితో ఫోటో పెట్టిన ఇంకొకరికీ ఇది అతుకుతుంది కాబట్టి దీన్ని చేతిలో ఉంచుకుని ముందుకు వెళ్దాం.

రాసుకున్న మూడింటిలో కబ్బన్ పార్క్ వాక్యం పైకి తేలిగ్గా కనిపిస్తుంది, నిజానికి కష్టమైనది. ‘నేనూ అక్కడికే వస్తా, మీరు ఎన్నింటికి వస్తారు? ఏ గేటు వైపు నడుస్తారు?’ అని రాయాలనిపిస్తుంది. మీకది మాట కలపడం. ఆమెకు మాత్రం ముక్కూ మొహం తెలియని మగవాడు తాను ఏ రోజు, ఎక్కడ, ఎన్నింటికి ఒంటరిగా ఉంటుందో అడిగినట్టు. జాగ్రత్తగా ఉండే ఏ అమ్మాయీ దానికి జవాబివ్వదు, ఇవ్వకూడదు కూడా. ఉండే ఏరియా, ఆఫీసు, రోజూ వెళ్లే జిమ్ వీటికీ ఇదే వర్తిస్తుంది. ఆ వాక్యంలో రెండో సగం, నిద్ర. దాని మీద ఎంత అమాయకంగా రాసినా మాట వేరే అర్థంలోకి జారే ప్రమాదముంది. కాబట్టి ఈ వాక్యాన్ని మొదటి మెసేజ్‌కి వాడొద్దు.

కన్నడ వాక్యం బాగుంది. అందులో సగం చెప్పి వదిలేసిన కథ ఉంది: ఆటో డ్రైవర్లు ఏం నేర్పారు? ‘కన్నడ వచ్చా?’ అని గానీ ‘నేనూ నేర్చుకుంటున్నా’ అని గానీ రాస్తే ఆ కథ బయటికి రాదు. ఇలా అడిగి చూడండి: ‘ఆటోలో నేను తడబడకుండా అనగలిగిన ఒకే ఒక్క కన్నడ మాట “మీటర్ హాకి”. అదీ పనిచేయలేదు. మీ గురువులు మీకు నేర్పిన మొదటి వాక్యం ఏది?’ ఇందులో మీ సంగతి ఒకటి ముందు చెప్పి, తర్వాత ఆమెను అడిగారు. మీది చెప్పకుండా అడిగితే ఇంటర్వ్యూలా ఉంటుంది, మీదే చెప్పి ఊరుకుంటే ఆమెకు అనడానికేమీ ఉండదు. ఒక వాక్యం మీది, ఒక ప్రశ్న ఆమెది, ఈ పాళ్లు గుర్తుపెట్టుకోండి. అయితే ఆ మొదటి వాక్యం మీ విషయంలో నిజమై ఉండాలి. మీకు కన్నడ బాగా వస్తే, లేదా ఒక్క ముక్కా రాకపోతే, ఉన్నది ఉన్నట్టు మార్చి రాయండి.

ఇక పెసరట్టు. ఆమె స్వయంగా వాదనకు పిలిచింది కాబట్టి ఎక్కువమంది దీనికే రాస్తారు. రాసేవాటిలో ఎక్కువ భాగం రెండు రకాలుగా ఉంటాయి. ‘నేనూ అంతే, లోపలే ఉండాలి’ అని ఒప్పేసుకునేవాళ్లు, ‘కాదు, పక్కనే ఉండాలి’ అని ఎదురు తిరిగేవాళ్లు. ఆమె ఒకటి పెట్టింది, వీళ్లు దానికి అవునో కాదో అంటున్నారు, అంతే. కొత్త సంగతి ఎవరూ తేలేదు. మీకు మాత్రం ఇంకొకటి కనిపించింది, దాన్ని మీరే రాసి పంపారు: ఆరో ఫోటోలో అట్టు చిరిగి ఉప్మా బయటికొచ్చింది. లోపలే ఉండాలని వాదించే మనిషి ప్లేటులో ఉప్మా బయట ఉంది. ఈ రెండూ ఆమె ప్రొఫైల్‌లోనే ఉన్నాయి, కానీ వాటిని ఆమె కలపలేదు. మీరు కలపాలి.

కలపడం ఒక్కసారికే కుదరదు. మొదట ఇలా వస్తుంది: ‘హాయ్! మీ ప్రొఫైల్ చాలా బాగుంది. ఉప్మా లోపల ఉండాలన్నారు కానీ ఫోటోలో బయట ఉంది, హహ.’ సంగతి సరైనదే. కానీ మొదటి సగం ఎవరికైనా పంపే మాట, పైగా అసలు మాట దాని వెనక పడిపోయింది. ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి కొన్ని మాటలే. అక్కడ ‘హాయ్, మీ ప్రొఫైల్ చాలా బాగుంది’ కనిపిస్తే తెరవాలనిపించదు. చివర ‘హహ’ అని మీరే నవ్వేస్తే ఆమె అనడానికి ఏమీ మిగల్లేదు, ప్రశ్న కూడా లేదు.

దాన్ని దిద్దబోయి ఎక్కువమంది రెండో చివరకు వెళ్తారు: ‘ఉప్మా లోపలే ఉండాలని అంత గట్టిగా చెప్పారు, మరి మీ అట్టే చిరిగిపోయిందేం? ముందు అట్టు వేయడం నేర్చుకోండి.’ ఎదురెదురుగా కూర్చుని నవ్వుతూ అంటే ఇది సరదా. తెరమీద మీ నవ్వు కనిపించదు, గొంతు వినిపించదు. పరిచయం లేని మనిషి వంకపెట్టినట్టే చదువుకుంటుంది. ఆటపట్టించడానికి హద్దు ఎక్కడంటే, తప్పు మనిషి మీద కాకుండా వస్తువు మీద పడాలి. ఇక్కడ వంక అమ్మాయి మీదికి పోకుండా ఉప్మా మీదికి మళ్లించవచ్చు.

అప్పుడు ఇలా తేలుతుంది: ‘ఉప్మా లోపలే ఉండాలన్న మీ మాటకి నేను ఒప్పుకుంటా. ఈ ఫోటోలో ఉప్మా మాత్రం ఒప్పుకున్నట్టు లేదు. అట్టు దానంతటదే చిరిగిందా, మీరే తెరిచి చూపించారా?’

ఎందుకు పనిచేస్తుందో చూడండి. మొదటి మాటే ఆమె మాట, కాబట్టి నోటిఫికేషన్‌లోనే గుర్తుపడుతుంది. రెండో వాక్యం ఆమె ప్రొఫైల్‌లో రెండు చోట్ల ఉన్నవాటిని కలిపింది, ఇంకెవరికీ అతకదు. ప్రశ్నలో రెండు దారులు మీరే ఇచ్చారు, ‘చిరిగింది’ అన్నా చాలు, పెద్ద కథ చెప్పాలన్నా చోటుంది. మీరు ఉప్మా పక్కన పెట్టుకునే రకమైతే మొదటి వాక్యం మార్చండి: ‘ఉప్మా పక్కనే ఉండాలనేవాణ్ణి నేను. ఈ ఫోటోలో ఉప్మా కూడా నావైపే వస్తున్నట్టుంది.’ తర్వాతి ప్రశ్న అదే. నచ్చాలని అభిప్రాయం మార్చుకోకండి. వాదిద్దామని పిలిచిన మనిషికి ఎదుటివాడు నిజంగా అవతలి పక్షమైతేనే మాట్లాడబుద్ధవుతుంది.

దీన్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. హింజ్‌లో ఒక ఫోటోనో, రాసుకున్న ఒక వాక్యాన్నో ఎంచుకుని లైక్ చేసి, దానికి కామెంట్ జోడించవచ్చు. ఆ కామెంట్ ఆమెకు ఆ ఫోటోతో కలిపే కనిపిస్తుంది. కాబట్టి వాదన వాక్యాన్ని లైక్ చేయకండి, ఆరో ఫోటోను లైక్ చేసి దాని కింద రాయండి. ఫోటో ఎదురుగా ఉంటుంది కాబట్టి ‘ఈ ఫోటోలో’ అంటే సరిపోతుంది, వర్ణించనక్కర్లేదు. టిండర్‌లో మామూలుగా మ్యాచ్ అయ్యాకే మెసేజ్, అది విడిగా వెళ్తుంది. అక్కడైతే ‘మీ చివరి ఫోటోలో పెసరట్టు’ అని పేరు పెట్టి చెప్పాలి, లేకపోతే దేని గురించో ఆమెకు అర్థం కాదు. బంబుల్‌లో ఆడా మగా జోడీల్లో మొదటి అడుగు అమ్మాయిదే. ఆమె ఒక ప్రశ్న పెట్టి ఉంచితే ముందు దానికి సూటిగా జవాబు చెప్పి, తర్వాత ప్రొఫైల్‌లోని వివరానికి రండి. ఆమె ఉత్త ‘హాయ్’ అంటే మీరూ ‘హాయ్’ అనకుండా ఈ మెసేజ్‌నే అక్కడ పెట్టండి.

భాష గురించి రెండు మాటలు. ఆమె వాక్యాలు మీరు తెలుగు లిపిలో రాసి పంపారు. ప్రొఫైల్‌లో ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటే మీరూ ఆ అక్షరాల్లోనే రాయండి. బెంగళూరులో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లిపి చదవలేనివాళ్లు చాలామంది. పూర్తిగా ఇంగ్లీషులో రాసుకుంటే ఇంగ్లీషులో మొదలుపెట్టండి, పెసరట్టు లాంటి మాటలు ఎలాగూ తెలుగువే ఉంటాయి. తెలుగైతే ‘మీరు’ అనే అనండి. ఈ వయసువాళ్ల మధ్య ‘నువ్వు’కి రావడానికి ఎక్కువ రోజులు పట్టదు, ఆ మార్పు ఆమె వైపు నుంచి రానివ్వండి. ‘మేడమ్’, ‘డియర్’, ‘బంగారం’ మూడూ వద్దు. మొదటిదానిలో దూరం ఎక్కువ, మిగతా రెండింటిలో చనువు ఎక్కువ.

మనవాళ్లకు అలవాటైన మరో ప్రశ్న ఉంది, ‘మీ ఇంటిపేరేంటండీ?’ మీరు ఏ ఉద్దేశంతో అడిగినా అవతలివాళ్లకు అది కులం అడిగినట్టే వినపడుతుంది. ‘మీరు ఎవరు?’ అన్నా, ‘మీవాళ్లు ఏం చేస్తారు?’ అన్నా అంతే. మొదటి మెసేజ్‌లోనే కాదు, పరిచయం ముదిరేదాకా ఆ దారిలోకే వెళ్లొద్దు. ‘మాది చీరాల’ అని మీరు చెప్పుకోవచ్చు. తనది ఏ ఊరో చెప్పాలనిపిస్తే ఆమే చెబుతుంది.

జవాబు వచ్చిందనుకుందాం: ‘చిరిగింది. మొదటి అట్టు ఎవరికైనా అలాగే వస్తుంది!’ చాలా సంభాషణలు సరిగ్గా ఇక్కడే చచ్చిపోతాయి. మొదటి మెసేజ్‌కి అంత ఆలోచించినవాళ్లు రెండోదానికి ‘హహ, ఇంతకీ మీరేం చేస్తుంటారు?’ అంటారు. పెసరట్టు ఒక సాకు అని తేలిపోతుంది. రెండో మెసేజ్ ఆమె జవాబులోంచే పుట్టాలి. వంట తెలిసినవారైతే, ఉత్త పెసలే రుబ్బితే అట్టు మడత దగ్గర పగులుతుందని, గుప్పెడు బియ్యం కలిపి నానబెడితే కొంచెం గట్టిగా, కరకరలాడుతూ వస్తుందని మీకు తెలిసే ఉంటుంది. ‘మొదటి అట్టుకి మినహాయింపు ఇచ్చేద్దాం. పిండిలో బియ్యం వేశారా, ఉత్త పెసలేనా?’ అనొచ్చు. పొయ్యి దగ్గరికే వెళ్లనివారైతే ఆ సలహా మీ నోట పండదు. ‘మరి రెండో అట్టు సంగతి? ఫోటో పెట్టలేదంటే అనుమానంగా ఉంది’ అంటే చాలు. ఒకటి రెండు మాటలయ్యాక మీ వైపు నుంచి చిన్న వివరం ఒకటి ఇవ్వండి. పీజీలో టిఫిన్ ఎలా ఉంటుందో, మారతహళ్లిలో పెసరట్టు కోసం ఎక్కడికి వెళ్తారో. ఆమె కూడా ఒకటి అడిగిందంటే సంభాషణ రెండు కాళ్లమీద నడుస్తున్నట్టు. మీరే వరసగా మూడు ప్రశ్నలు అడిగి ఆమె ఒక్కటీ అడగకపోతే ప్రశ్నలు ఆపండి, మీ సంగతి ఒకటి చెప్పి ఊరుకోండి. దాన్ని అందుకుంటే సరే, లేకపోతే అంతే.

మాట బాగా సాగితే కలుద్దామనడానికి కూడా ఈ దారిలోనే చోటు దొరుకుతుంది: ‘చిరగని పెసరట్టు ఎక్కడ దొరుకుతుందో తేల్చుకుందామా? ఈ శనివారం పొద్దున టిఫిన్‌కి?’ పగటిపూట, జనం ఉండే హోటల్ చెప్పండి. తీసుకెళ్తానని, దింపుతానని అనకండి, ఆమె ఉండే చోటు తెలుసుకునే పని అవుతుంది. ఎంజీ రోడ్ మెట్రో దిగితే చర్చ్ స్ట్రీట్ పక్కనే కాబట్టి ఆ చుట్టుపక్కల అయితే ఎవరి దారిన వాళ్లు వచ్చి వెళ్లడం తేలిక.

జవాబు రాకపోవడం కూడా మామూలే. మెసేజ్ ఎంత బాగా రాసినా అది చేసేది ఒకటే, మీ ప్రొఫైల్ తెరిపించడం. ఆమె ఆ వారం యాప్ తెరవకపోవచ్చు, ఇంకొకరితో మాట్లాడుతూ ఉండొచ్చు, మీ ఫోటోలు నచ్చకపోవచ్చు. మ్యాచ్ అయ్యాక మౌనంగా ఉంటే నాలుగైదు రోజుల తర్వాత ఒకే ఒక్క మెసేజ్, అది కూడా కొత్త వివరం మీద. చేతిలో ఉంచుకున్న పుస్తకాల ప్రశ్న అప్పుడు వాడండి. ‘చూశారా?’, ‘బిజీనా?’, ఉత్త ప్రశ్నార్థకం పంపకండి. అప్పటికీ లేకపోతే ఆపేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి అక్కడ రాయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఆమె మీకు తలుపు తీసింది యాప్‌లో మాత్రమే. ఇంకో చోటునుంచి మీరు రావడం భయపెడుతుంది.

రాసుకున్నది ఏమీ లేక, నాలుగు సెల్ఫీలు మాత్రమే ఉన్న ప్రొఫైళ్లు కూడా వస్తాయి. వాటిలో లేని వివరాన్ని పిండకండి. వెనక గోడ మీద ఒక బొమ్మో, పెరట్లో ఒక మొక్కో కనిపిస్తే దాని గురించి ఒక ప్రశ్న అడగవచ్చు, అదీ లేకపోతే వదిలేసి ముందుకెళ్లడమే మేలు. ఉచితంగా వాడేవాళ్లకు హింజ్ రోజుకు కొన్ని లైకులే ఇస్తుంది. చదవడానికి ఏదైనా ఉన్న ప్రొఫైల్‌కి ఐదు నిమిషాలు పెట్టి రాసింది, ఖాళీ ప్రొఫైళ్లకు వరసగా పంపిన పది హాయ్‌ల కన్నా ఎక్కువ జవాబులు తెస్తుంది.

చివరగా, మీ మెసేజ్ చదివి ఆమె మొదట చేసే పని మీ ప్రొఫైల్ చూడటం. మీ ప్రొఫైల్‌లో ఏముందో మీరు నాకు చెప్పలేదు, అయినా ఊహించగలం: ‘ఫుడీ, ట్రావెల్, మూవీస్.’ దానికి ఆమె ఏం రాయగలదు? ఆమె ప్రొఫైల్‌లో మీకు పనికొచ్చినవేవో చూశారు కదా, పక్షం తీసుకున్న ఒక అభిప్రాయం, సగం చెప్పి వదిలిన ఒక సంగతి, చిన్న లోపం కనిపించే ఒక ఫోటో. మీ ప్రొఫైల్‌లో కూడా అవే పెట్టండి. చీరాలవారు కాబట్టి సముద్రం మీద మీకు గట్టి అభిప్రాయం ఉండే ఉంటుంది. ‘నాతో వాదించి గెలవలేని విషయం: బీచ్‌కి వెళ్లాల్సింది సాయంత్రం కాదు, తెల్లవారుజామున’ అని రాసి, వేకువన తీసిన ఫోటో ఒకటి, నిద్రమొహంతో ఉన్నా సరే, దాని పక్కన పెట్టండి. ముందు ఈ మార్పు చేసి, ఆ తర్వాతే ఆరో ఫోటో మీద లైక్ నొక్కండి.